మహర్ లేని పట్టిక
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళి సాయం గురించి మాట్లాడమని కార్యవర్గం నాకు పని అప్పగించింది. లెక్కల పుస్తకం చదివి వినిపిస్తే మీలో సగంమంది బయటికెళ్ళి చాయ్ తాగుతారు. అందుకని ఒక కథ చెబుతాను. పేర్లు కథ కోసం పెట్టినవి. అందులోని అంకెలు మాత్రం మనలో ఎవరింట్లోనైనా ఉండేవే.

అబ్బాయిని ఇమ్రాన్ అనుకుందాం. ఊరు నల్గొండ వైపు, ఉండేది ఎర్రగడ్డ. తండ్రి లేడు, అమ్మీ ఉంది. అమీర్‌పేట్‌లో ఒక శిక్షణ సంస్థలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు, నెలకు 32 వేలు. అమ్మాయిని సుమయ్య అనుకుందాం. వాళ్ళది బోరబండ. అబ్బా దర్జీ, సీజను బాగుంటే నెలకు 15 వేలు, లేకపోతే అంతకన్నా తక్కువ. ఆమె పంజాగుట్టలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో టెక్నీషియన్, 22 వేలు. అమీర్‌పేట్‌కీ పంజాగుట్టకీ మధ్య మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. సంబంధం కుదిరాక ఖర్చులు మాట్లాడుకోవాలని ఇద్దరూ అనుకున్నారు. ఒంటరిగా కలవడం బాగుండదని ఆమె తమ్ముణ్ణి వెంట తెచ్చుకుంది. ఆ కుర్రాడు పక్క బల్ల దగ్గర కూర్చుని ఎన్ని ఉస్మానియా బిస్కెట్లు తిన్నాడో ఆ పట్టికలో ఎక్కడా రాయలేదు.

ఇది 2024 మొదట్లో, రమజాన్‌కి కొన్ని వారాల ముందు. నికాహ్ షవ్వాల్‌లో చేయాలని పెద్దలు అనుకున్నారు.

ఇద్దరూ చెరొక కాగితం రాసుకొచ్చారు. సుమయ్య కాగితం నిజానికి వాళ్ళ అబ్బా చెప్పగా రాసింది. నికాహ్ రాత్రి ఫంక్షన్ హాలు 90 వేలు. భోజనం 500 ప్లేట్లు, ప్లేటుకు 450 చొప్పున రెండు లక్షల 25 వేలు. స్టేజీ అలంకరణ 35 వేలు, ఫొటో, వీడియో 40 వేలు. మంచం, బీరువా, ఫ్రిజ్ వగైరా లక్షా 20 వేలు. మొత్తం 5 లక్షల 10 వేలు. అబ్బా దగ్గరున్నది లక్షా 80 వేలు. మిగతా 3 లక్షల 30 వేలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు. అంటే నెలకు 6,600, ఏడాదికి 79,200, అదీ అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా. నెలకు 15 వేలు తెచ్చే కుట్టుమిషన్ మీద 6,600 వడ్డీ! వడ్డీ హరామ్ అన్న మాట పక్కన పెట్టినా, ఈ లెక్క ఎలాగూ నడవదు.

ఇమ్రాన్ కాగితం ఇంకాస్త చిన్నది. వలీమా 400 ప్లేట్లు, లక్షా 80 వేలు. హాలు 70 వేలు. బట్టలు 40 వేలు. చఢావా, అంటే పెళ్ళికొడుకు వైపువారు పెళ్ళికూతురికి పెట్టే నగలు, ఒక లక్ష. మొత్తం 3 లక్షల 90 వేలు. అతను పొదుపు చేసుకున్నది 3 లక్షల 40 వేలు. తక్కువైన 50 వేలు స్నేహితులు సర్దుతారని ధైర్యం.

ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివి అడిగింది: "ఇందులో మహర్ ఎక్కడుంది?"

అతను తడుముకోకుండా జవాబిచ్చాడు. "మహర్ 25 వేలని పెద్దలు అనుకున్నారు కదండీ. అది రాసుకునేదే, ఇప్పుడు ఖర్చు కాదు కదా."

సోదరులారా, మనలో చాలామంది ఈ మాటే అంటాం, అందులో తప్పుందని మనకు తోచదు. మహర్ రెండు రకాలు. ముఅజ్జల్ అంటే నికాహ్ వేళ, లేదా భార్య అడిగిన వెంటనే, చెల్లించవలసింది. ముఅఖ్ఖర్ అంటే వాయిదా వేసింది. వాయిదా వేయడానికి అనుమతి ఉంది, నిజమే. అయితే మన దగ్గర ఆ వాయిదాకు తేదీ ఉండదు. తలాక్ అయినప్పుడో, మనిషి పోయినప్పుడో తప్ప ఆ మాట ఎవరి నోటా రాదు.

సుమయ్య మనసులో ఉన్నది వాళ్ళ ఫుప్పూ కథ. ఆవిడ నికాహ్ 1994లో జరిగింది. మహర్ 11 వేలు, వాయిదా. ఆ రోజుల్లో తులం బంగారం ఐదు వేల లోపే కాబట్టి, 11 వేలంటే రెండు తులాలకు పైమాట. భర్త 2016లో పోయాడు. జనాజా లేవబోయే ముందు నలుగురు ఆడవాళ్ళు ఆవిణ్ణి చుట్టుముట్టి, "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయన మీద అప్పు ఉండిపోతుంది" అన్నారు. ఆవిడ చెప్పింది. అలాంటి సమయంలో లేదనగల ఆడది ఎవరు? అప్పటికి ఆ 11 వేలకు నాలుగు గ్రాముల బంగారం కూడా వచ్చేది కాదు. చెల్లించివుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. చెల్లించకపోవడం వల్ల ఏమైందో మాత్రం సుమయ్య కళ్ళారా చూసింది. ఇద్దత్ గడవకముందే ఫుప్పూ అద్దె ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి ఇంటికి, అంటే సుమయ్య వాళ్ళింటికి వచ్చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పి కథలోకి వస్తాను. చెల్లించని మహర్ భర్త ఆస్తి మీద అప్పు. వారసులు పంచుకోక ముందే తీర్చవలసిన అప్పు. సూరా అన్నిసా నాలుగో ఆయతులో మహర్‌ను స్త్రీలకే, సంతోషంగా ఇవ్వమని ఉంది. వాళ్ళు తమ ఇష్టంతో కొంత వదులుకుంటేనే మీరు తినవచ్చని కూడా ఉంది. శవం పక్కన నిలబెట్టి చెప్పించిన మాట ఇష్టమెలా అవుతుందో ఆలోచించండి. దేశ చట్టం కూడా ఈ రెండింటినీ విడిగానే చూసింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నానికి నిర్వచనం చెబుతూ, ముస్లింల మహర్ అందులోకి రాదని స్పష్టంగా రాసింది. మనమేమో ఆచరణలో తలకిందులు చేశాం. చట్టం వద్దన్న కట్నం ముందుగా నగదు రూపంలో చేతులు మారుతుంది. షరీఅత్ ఇమ్మన్న మహర్ కాగితం మీద నిద్రపోతుంది.

"నాకు పెద్ద హాలు వద్దు. రెండు తులాలు, అంటే 20 గ్రాముల బంగారం మహర్‌గా, నికాహ్ రోజునే నా చేతికి కావాలి. మా ఫుప్పూకి రావలసిందెంతో అంత" అంది సుమయ్య.

ఇమ్రాన్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చఢావా ఎలాగూ పెడుతున్నాం కదా, అది బంగారమే కదా" అన్నాడు.

"అది ఎవరిది?" అందామె.

నిజంగా చిక్కు ప్రశ్న. చఢావా ఇచ్చేశారా, వేసుకోవడానికి ఇచ్చారా అన్నది ఎక్కడా రాయరు. మా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. పెళ్ళయిన నాలుగో రోజున "దాచిపెడతాం, ఇవ్వమ్మా" అని అత్తగారు తీసుకుంటుంది. పదేళ్ళ తర్వాత ఆ సెట్టు ఆడబిడ్డ పెళ్ళిలో కనిపిస్తుంది. ఎవరి మీదా నింద వేయడానికి చెప్పడం లేదు. రాసివుంటే ఈ గొడవే ఉండదు. నికాహ్ పత్రంలో మహర్ గడి ఉంటుంది, చఢావాకు గడి ఉండదు. ఆమె తెలివిగా ఆ గడినే అడిగింది.

అప్పుడు అతను తన పట్టు బయటపెట్టాడు. మహర్ కోసం వలీమాను వంద మందికి తగ్గిద్దామని ఆమె అంటే, "ఇంకేదైనా తగ్గించండి, అది మాత్రం నావల్ల కాదు" అన్నాడు. ఇంత చదువుకున్నవాడికి ఈ ఆడంబరం ఏమిటని ఆమెకు కోపం వచ్చింది. అతను చెప్పింది వింటే మీకూ రాదు. అతని తండ్రి పోయినప్పుడు వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. బస్తీవాళ్ళు వంతులు వేసుకుని వండి పంపారు. ఒక ఆటోడ్రైవర్ ఇంటినుంచి పప్పు, ఒక పాలవాడి ఇంటినుంచి అన్నం. అందులో హిందువులున్నారు, ముస్లింలున్నారు. అతను ఇంటర్ పరీక్ష రాయడానికి ఫీజు కట్టింది కూడా ఆ బస్తీవాళ్ళే. "వాళ్ళకు ఒక్కసారి నా చేత్తో అన్నం పెట్టాలి. మా అమ్మీ గుమ్మం దగ్గర నిలబడి రండి అనాలి. నాకు పెళ్ళంటే అదే."

ఎవరికేది ముఖ్యమో ఇద్దరికీ తెలిసిపోయింది. ఆమెకు చేతికందిన మహర్, అబ్బా మీద అప్పు లేకపోవడం. అతనికి బస్తీ భోజనం. మిగిలినవన్నీ ఎవరో అడుగుతారని, ఏమో అంటారని రాసుకున్నవి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ముఖ్యం కానివి ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయారు. స్టేజీ అలంకరణ పోయింది, వీడియో పోయింది. ఫంక్షన్ హాళ్ళు రెండూ పోయాయి. నికాహ్ శనివారం అసర్ తర్వాత మసీదులో, ఖర్జూరం, షర్బత్‌తో. వలీమా మర్నాడు ఆదివారం, జొహర్ తర్వాత, ఎర్రగడ్డలో బస్తీ హాలులో. పగటి వేళ కాబట్టి అద్దె 30 వేలు.

తర్వాత పిలుపుల లెక్క తీశారు. 400 అన్నది ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. ఇంటింటికీ పేర్లు రాస్తే బస్తీ 160 మంది, తన చుట్టాలు 120 మంది తేలారు. మిగతావాళ్ళు ఎప్పుడో ఎవరి పెళ్ళికో వెళ్ళినందుకు తిరుగు పిలుపులు.

ఇక భోజనం. హాలువాళ్ళ కేటరింగ్‌లో ప్లేటు లెక్కలో ఒక మెలిక ఉంటుంది, దాతలు కూడా తెలుసుకోవాలి. 500 ప్లేట్లకు ఒప్పుకుంటే 380 మంది వచ్చినా 500కే బిల్లు. అదే బావర్చీని పెట్టి డేగ్ లెక్కన వండిస్తే సరుకు మనది, కూలి అతనిది. వాళ్ళు మాట్లాడిన బావర్చీ లెక్క ప్రకారం పది కిలోల మాంసం, పది కిలోల బియ్యంతో ఒక డేగ్ 70 మందికి సరిపోతుంది. ఇందులో రెండుచోట్ల దెబ్బతింటాం. ఒకటి, మాంసం తగ్గించి బియ్యం పెంచితే మొదటి వరుసకు ముక్కలు, చివరి వరుసకు ఉత్త అన్నం. రెండోది, ఆలస్యం. దమ్ దించాక గంటా రెండు గంటల్లో వడ్డించాలి. రాత్రి పెళ్ళిళ్ళలో తొమ్మిదింటికి దించిన డేగ్ పన్నెండుకు తెరిస్తే అడుగున మాడు, పైన ముద్ద. పగటిపూట నమాజ్ అయిన వెంటనే వడ్డిస్తే ఆ సమస్య లేదు. బిర్యానీ, బగారా బైంగన్, దహీ చట్నీ, డబల్ కా మీఠా. అంతకు మించి వద్దనుకున్నారు.

కథ ఇక్కడ సాఫీగా ముగిసిందనుకోకండి. సుమయ్య అబ్బా మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆయన అప్పటికే మన సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నారు, హాలు అడ్వాన్సుకు 50 వేల సాయం కావాలని. నేను వాళ్ళింటికి వెళ్ళింది ఆ దరఖాస్తు విచారణకే. కూతురు హాలు వద్దంటోందని నాతో మొరపెట్టుకున్నారు. "సాబ్, ముప్ఫై ఏళ్ళు అందరి పెళ్ళిళ్ళలో తిన్నాను. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోను?" అన్నారు.

పెళ్ళికూతురి తండ్రి నికాహ్ రోజున భోజనం పెట్టాలన్న నియమం మన ధర్మంలో లేదు, వలీమా ఒక్కటే సున్నత్. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ గారికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక్క గొర్రెతోనైనా వలీమా చేయమన్నారు. పెళ్ళికొడుక్కి చెప్పారు, మామగారికి కాదు. ఈ మాట ఆయనకు తెలియక కాదు. జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విని ఉంటారో. మసీదు మెట్లు దిగేసరికి మర్యాద అనేది వేరే పుస్తకం తెరుస్తుంది.

నాకు చేతకాని పని ఇమ్రాన్ చేశాడు. ఆయన అన్నమాట వినగానే అతనికి అర్థమైంది, అది తన మాటే. బస్తీ అన్నం తిన్న చెయ్యి తనది, పెళ్ళిళ్ళలో తిన్న చెయ్యి ఆయనది. దుకాణానికి వెళ్ళి, కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని అన్నాడు: "మామూ, మీకు తప్పకుండా పిలవాలనిపించేవాళ్ళు ఎంతమంది?" ఆయన విసుగ్గా, "ఓ నూట ఇరవై" అన్నారు. "వాళ్ళంతా నా వలీమాకు రావాలి. మా అమ్మీ ఒక గుమ్మం దగ్గర, మీరు ఇంకో గుమ్మం దగ్గర. పిలిచేది మీరే."

"నీ తిండికి నా చుట్టాల్ని పిలవనా?" అన్నారాయన.

చివరికి బేరం మీఠా దగ్గర కుదిరింది. నాలుగు వందల మందికీ డబల్ కా మీఠా ఆయన పెట్టుకుంటారు. 14 వేలు. ఆయన దాన్ని సాయం అనలేదు, "నా వంతు" అన్నారు. 160, 120, 120 కలిసి 400; డేగ్‌లు ఆరు. మీఠా కాక ఇమ్రాన్‌కు భోజనం ఖర్చు లక్షా 22 వేలు అయింది. మీఠా కలుపుకున్నా తలకు 340. కేటరింగ్ ప్లేటైతే 450.

బంగారం కొనడానికి పంజాగుట్టకు వెళ్ళారు. ఆ చౌరస్తా చుట్టూ నగల షోరూములకు కొదవ లేదు. వెంట అమ్మీ, ఫుప్పూ. అమ్మీకి హారం కావాలి, నలుగురూ చూడాలి. సుమయ్యకు నాణెం కావాలి. ఆ రోజుల్లో 22 క్యారెట్ల బంగారం గ్రాము ఆరు వేల చుట్టుపక్కల ఉండేది. ఇప్పటి ధర వేరు, లెక్క తీరు అదే. 20 గ్రాములకు లక్షా 20 వేలు. హారమైతే దాని మీద తరుగు, మజూరీ కలిపి నూటికి 15 అన్నారు, అంటే 18 వేలు. ఆ మొత్తం మీద మూడు శాతం జీఎస్‌టీ. కలిపి లక్షా 42 వేలు దాటింది. నాణేలకు మజూరీ మూడు శాతమే. జీఎస్‌టీతో కలిపి లక్షా 27 వేల 300. తేడా దాదాపు 15 వేలు. రేపు అమ్మబోతే రెండింటికీ బంగారం విలువే ఇస్తారు. తరుగు, మజూరీ, పన్ను ఎవరూ తిరిగివ్వరు. రాళ్ళు పొదిగిన నగైతే ఇంకో చిక్కు ఉంది. బిల్లు మీద మొత్తం బరువు, నికర బరువు విడివిడిగా రాయించుకోకపోతే రాళ్ళ బరువుకు కూడా బంగారం ధర పడవచ్చు, అమ్మేటప్పుడు మాత్రం రాళ్ళు తీసి తూస్తారు. హాల్‌మార్క్ ముద్ర, దాని పక్కన ఆరు అక్షరాల సంఖ్య ఉందో లేదో భూతద్దంతో చూపించమని అడగాలి. సిగ్గుపడనక్కరలేదు, చూపిస్తారు.

అమ్మీ ముఖం చిన్నబోయింది. కోడలి మెడ బోసిగా ఉంటే బస్తీ ఆడవాళ్ళు ఏమనుకుంటారు? ఇంటికెళ్ళాక ఆవిడే పెట్టె తెరిచి తన కాలీ పోత్ లచ్ఛా తీసింది. ముప్ఫై ఏళ్ళనాటి నల్లపూసలు, మధ్యలో చిన్న బంగారు గుండ్లు. "ఇది నీకు ఇచ్చేశాను, దాచమని కాదు" అంది. కొడుకు ఆ మాట ఒక కాగితం మీద రాసి అమ్మీ సంతకం తీసుకున్నాడు. ఆవిడకు కొంచెం కోపం వచ్చిందిలెండి.

ఇప్పుడు ఆ రెండు కాగితాలూ చూడండి. ఇమ్రాన్‌కు భోజనం, హాలు, 30 వేలకు దించిన బట్టలు, 20 గ్రాముల మహర్ అన్నీ కలిపి 3 లక్షల 9 వేలు. ఇంకా 31 వేలు మిగిలాయి, కొత్త కాపురంలో మొదటి నెల అద్దెకు, సరుకులకు. స్నేహితుల అప్పు అక్కరలేదు. సుమయ్య అబ్బాకు బట్టలు, మసీదు ఖర్చు, మీఠా, వంటపాత్రలు కలిపి 94 వేలు. 86 వేలు బ్యాంకులోనే ఉన్నాయి, చిన్న కూతురి నర్సింగ్ ఫీజుకు. రెండు రూపాయల వడ్డీ లేదు. మంచం, బీరువా అతని గదిలో ముందే ఉన్నాయి. ఉన్నవి మళ్ళీ కొంటే పెట్టడానికి చోటుండదని ఆమె తేల్చేసింది. తండ్రి మాత్రం ఊరుకోక దుకాణంలోని రెండు మిషన్లలో మంచిది శుభ్రం చేసి, నూనె వేసి పంపారు.

ప్రభుత్వ షాదీ ముబారక్ గురించి చాలామంది అడుగుతారు, అదీ చెప్పేస్తాను. 2014 అక్టోబరు 2న 51 వేలతో మొదలైంది, ఇప్పుడు 1,00,116 రూపాయలు. అమ్మాయికి 18 ఏళ్ళు నిండాలి, తల్లిదండ్రుల ఆదాయం పట్టణంలో ఏడాదికి రెండు లక్షలు దాటకూడదు. ఈ-పాస్‌లో దరఖాస్తు చేయాలి. చెక్కు పెళ్ళికూతురి తల్లి పేరిట వస్తుంది. సుమయ్య అబ్బా కూడా పెట్టుకున్నారు. అయితే విచారణలు పూర్తయి ఆ డబ్బు పెళ్ళినాటికి చేతికి వస్తుందని నమ్మి హాలుకు అడ్వాన్సు కట్టినవాళ్ళు, పెళ్ళయ్యాక చెక్కు తెచ్చి వడ్డీవాడికి ఇచ్చిన సంగతి నేను చాలా ఇళ్ళలో చూశాను. అందుకే సుమయ్య ఆ లక్షను పట్టికలో రాయలేదు. వస్తే ఫుప్పూ పేర డిపాజిట్ చేయాలని అబ్బాతో మాట తీసుకుంది.

దాతలకు నాదొక విన్నపం. మన దరఖాస్తు పత్రంలో హాలు ఎక్కడ, ఎంతమంది భోజనం, సామాను ఏం కావాలి అనే గడులున్నాయి. మహర్ ఎంత, ఎప్పుడు చెల్లిస్తారు అనే గడి లేదు. మీరిచ్చే 50 వేలు హాలు అడ్వాన్సుకు పోతే, ఆ హాలు నిండటానికి ఇంకో రెండు లక్షలు ఆ తండ్రి వడ్డీకి తెస్తాడు. అంటే మన సాయం ఆయన అప్పును పెంచుతోంది. ఈ ఏటి కార్యవర్గ సమావేశంలో ఆ గడి పెట్టాలని, అడ్వాన్సుల సాయం ఆపి ఆ డబ్బును అప్పున్న కుటుంబాలకు మళ్ళించాలని నేను ప్రతిపాదించాను. వద్దనేవాళ్ళున్నారు. హాలు లేకపోతే పేదవాడి కూతురికి సంబంధం నిలవదంటారు. ఆ మాటలో నిజముంది. సుమయ్యకు ఇమ్రాన్ దొరికాడు, అందరికీ దొరకడు. అబ్బాయి తల్లి పట్టుబడితే మన గడి ఏం చేస్తుంది? దీని మీద మీ అభిప్రాయం రాసి పంపండి.

నికాహ్ రోజున నేను మసీదులో ఉన్నాను. ఖాజీ సాబ్ పత్రం నింపుతూ అలవాటు కొద్దీ, "మహర్ ఎంత, ముఅఖ్ఖరే కదా?" అని అడిగారు. ఇమ్రాన్ జేబులోంచి చిన్న డబ్బీ తీసి ముందు పెట్టాడు. పది గ్రాముల నాణేలు రెండు. ఖాజీ సాబ్ కళ్ళజోడు సర్దుకుని, బరువు ఎంతో అడిగి, 20 గ్రాములు, 22 క్యారెట్లు, నఖ్ద్, చెల్లించబడింది అని రాశారు. సాక్షులిద్దరూ డబ్బీ చూసి సంతకం పెట్టారు. తమ్ముడు దాన్ని పట్టుకుని ఆడవాళ్ళ వైపు పరుగెత్తాడు.

అక్కడ ఫుప్పూ దాన్ని చేతిలోకి తీసుకుంది. నాణేలు బయటికి తీయలేదు. కింద మడిచిన బిల్లు తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "నికర బరువు ఎక్కడ రాశారు, చూపించవే" అని సుమయ్యను అడిగింది.